అన్నం లెక్కకు 24 గంటల రీకాలా, ఎఫ్‌ఎఫ్‌క్యూనా? కుండ దగ్గర నుంచి మొదలుపెట్టండి

"మేడమ్, నేను నెల్లూరులో ఎంఎస్సీ న్యూట్రిషన్ చివరి ఏడాది. అల్లూరు, విడవలూరు వైపు మూడు ఊళ్ళలో 120 మంది ఆడవాళ్ళు ఇంట్లో వండుకున్న భోజనం మామూలుగా ఎంత తింటారో రాయాలి. మా గైడ్ ఎఫ్‌ఎఫ్‌క్యూ ఒక్కటి చాలు, ఒకసారి వెళ్తే అయిపోతుంది అంటున్నారు. సీనియర్లేమో 24 గంటల రీకాల్ చేయమంటున్నారు. రెంటిలో ఏది? అన్నం విషయంలో ఏది నిజానికి దగ్గరగా వస్తుంది?"

అన్నానికి రీకాల్, అంటే నిన్నంతా తిన్నది గుర్తుచేయించి రాసుకోవడం. ఒక్క రోజు కాదు, వరుసగా లేని రెండు రోజులు, కుదిరితే కొందరికి మూడో రోజు. చేపలు, గుడ్లు, ఆకుకూరల్లాంటివి ఎంత తరచుగా తింటారో తెలుసుకోవడానికి పది పదిహేను ప్రశ్నల చిన్న చీటీ దాంతోపాటు. ఏది ఎన్నిసార్లు తింటారని పొడుగాటి జాబితా చదివి అడిగే పెద్ద ఎఫ్‌ఎఫ్‌క్యూ మీకు వద్దు. ఎందుకో చెప్తాను, నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇరవై ఏళ్ళుగా ఇదే పని మీద ఇళ్ళ వెంట తిరుగుతున్నా కాబట్టి కాస్త పొడుగవుతుంది.

ఎఫ్‌ఎఫ్‌క్యూ దేన్ని పట్టుకుంటుందో చూడండి. "ఎన్నిసార్లు" అన్నది దాని ప్రాణం. ఒకరు వారానికి ఒకసారి చేపలు తింటారు, ఇంకొకరు నాలుగుసార్లు తింటారు, ఆ తేడా దాంట్లో బాగా తెలుస్తుంది. కానీ మన దగ్గర "అన్నం ఎన్నిసార్లు తింటారు" అని 120 మందిని అడిగితే నూట పదిమంది రోజుకు రెండు సార్లో మూడు సార్లో అంటారు, అక్కడితో ఆ ప్రశ్న చచ్చిపోయింది. మనిషికీ మనిషికీ తేడా సార్లలో లేదు, పళ్ళెంలో ఉంది. ఒకామె మూడు పూటలకు కలిపి 200 గ్రాముల బియ్యం తింటుంది, పక్కింటామె 400 తింటుంది, ఇద్దరూ ఎఫ్‌ఎఫ్‌క్యూలో "రోజుకు మూడుసార్లు, మధ్యరకం గిన్నె" అనే గడిలోనే పడతారు. అన్నం ఒక్కటే రోజులో సగానికి పైగా శక్తినిచ్చే ఇళ్ళలో ఆ గడి తప్పయితే మిగతా లెక్కంతా దాంతోపాటే తప్పు.

ఇప్పుడు ఒక ఇల్లు చూపిస్తాను. అల్లూరు మండలంలో ఒక ఊరు. ముప్పై నాలుగేళ్ళ ఆమె, రొయ్యల చెరువు మీద పనికి పోయే భర్త, అత్త, పన్నెండేళ్ళ కొడుకు, అయిదేళ్ళ కూతురు. ముందు ఎఫ్‌ఎఫ్‌క్యూ పట్టుకుని అడిగాం. అన్నం రోజుకు మూడుసార్లు. ఎంత అని బొమ్మలు చూపిస్తే మధ్యరకం గిన్నె, ఉడికిన అన్నం 200 గ్రాములది చూపించింది. మూడు రెళ్ళు ఆరు, రోజుకు 600 గ్రాముల అన్నం.

మర్నాడు రీకాల్‌కు వెళ్ళాం. ఇక్కడ అడిగే తీరులోనే అంతా ఉంది. "నిన్న మధ్యాహ్నం అన్నం ఎంత తిన్నావమ్మా" అంటే వచ్చే జవాబు మీకూ తెలుసు, "ఏదో ఇంత తింటా పాపా, ఎంతని చెప్పేది". రెండోసారి గుచ్చితే "రెండు హస్తాలు" అంటుంది, హస్తం అంటే మా వైపు అన్నం వడ్డించే గరిటె. అట్టా అడగకండి. మన భోజనానికి ఒక వరుస ఉంది కదా, దాన్ని పట్టుకుని నడవండి.

"మొదట దేంతో కలుపుకున్నావు?"

"దోసకాయ పప్పు."

"దానికి ఎంత అన్నం పెట్టుకున్నావు, ఈ హస్తంతో చూపించు."

"రెండు."

"తర్వాత?"

"మళ్ళా రెండు పెట్టుకుని చేపల పులుసు పోసుకున్నా. మొన్నటిదే, ఇంకా ఉండె."

"మజ్జిగన్నం తినలా?"

"అది తినకుండా ఎట్ట లేస్తా! ఒక హస్తం."

రెండు అయిదయింది. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమె లెక్కలో భోజనం అంటే పప్పూ పులుసూ, మజ్జిగన్నం చెయ్యి కడుక్కోవడం లాంటిది. ఎఫ్‌ఎఫ్‌క్యూలో ఈ రెండో సారీ మూడో సారీ వడ్డించుకున్నది దూరడానికి సందు లేదు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ అయిదంచెల రీకాల్ పద్ధతి మీరు చదివే ఉంటారు: ముందు గడగడా జాబితా, తర్వాత మర్చిపోయినవి, తర్వాత వేళలు, తర్వాత వివరాలు, చివర్న ఇంకోసారి చూసుకోవడం. పద్ధతి మంచిదే, వాడండి. కానీ వివరాల అంచెలో మీకు పనికొచ్చేది ఈ కలుపుకునే వరుసే.

ఇక హస్తం. ఆ ఇంటి హస్తంతోనే, ఆమె చేతే, ఆమె రోజూ పెట్టుకునే తీరులో అన్నం తీయించి తూచాను. అయిదుసార్లు తూస్తే సగటు 88 గ్రాములు. అయిదు హస్తాలు 440. అయితే ఆమె పళ్ళెంలో 440 పడింది గానీ ఆమె కడుపులోకి అంతా పోలేదు, చిన్నపిల్లకు తన పళ్ళెంలోంచే నాలుగు ముద్దలు పెట్టింది. ముద్ద కట్టించి తూస్తే ఒక్కోటి దాదాపు 15 గ్రాములు, నాలుగూ 60. మిగిలింది 380. ఈ ముద్దల విషయం మీరు అడగకపోతే ఎవరూ చెప్పరు, పైగా పిల్ల లెక్క వేరే రాస్తున్నట్టయితే ఆ 60 గ్రాములు రెండుసార్లు పడతాయి.

రాత్రి మూడు హస్తాలు, 264. పొద్దున చద్దన్నం. ఇది జాగ్రత్త. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పెడితే పొద్దునకు గింజ ఉబ్బుతుంది, మజ్జిగ కలిపాక అది ఏ గిన్నెతో కొలిచినా మీరు తూచేది నీళ్ళను. అందుకని "రాత్రి నీళ్ళు పోయకముందు ఎంత అన్నం తీసి పెట్టావు" అని అడగాలి. ఆమె రెండు హస్తాలకు కాస్త అటూ ఇటూ చూపించింది, తూస్తే 180. మొత్తం ఆ రోజుకు 380, 264, 180 కలిపి 824 గ్రాముల ఉడికిన అన్నం. ఎఫ్‌ఎఫ్‌క్యూ చెప్పింది 600.

ఇప్పుడు బియ్యంలోకి మార్చాలి, ఎందుకంటే హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్ వాళ్ళ 2017 ఆహార పదార్థాల పట్టికలో ఉన్నది పచ్చి బియ్యం విలువ, పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాములకు దాదాపు 356 కిలోకేలరీలు. నా మొదటి సర్వేలో ఒక కుర్రాడు ఉడికిన అన్నం బరువును నేరుగా ఆ విలువతో గుణించుకుంటూ పోయాడు, నేనూ రెండు వారాలు చూసుకోలేదు, ఊరందరూ రోజుకు నాలుగు వేల కేలరీలు తింటున్నట్టు వచ్చాక గానీ తెలియలేదు. ఈమెనే అట్టా లెక్కేస్తే అన్నం ఒక్కదానికే 2,900 దాటుతుంది. అంత పెద్ద తప్పు కాబట్టి దొరికిపోతుంది. దొరకనిది చిన్న తప్పు. చాలామంది "అన్నం బియ్యానికి మూడింతలు" అని ఒకే అంకె పెట్టుకుని అన్ని ఇళ్ళకూ వాడేస్తారు. ఎసట్లో వేసి గంజి వార్చే ఇంట్లో ఒక నిష్పత్తి వస్తుంది, కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్ళు పోసే ఇంట్లో ఒకటి, అత్తకు పళ్ళు లేవని మెత్తగా వండే ఇంట్లో ఇంకొకటి, కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ కూడా తేడా వస్తుంది. 824 గ్రాములను 3తో భాగిస్తే 275 గ్రాముల బియ్యం, 2.5తో భాగిస్తే 330. తేడా 55 గ్రాములు, దాదాపు 195 కేలరీలు, రోజూ. ఆ తేడా పట్టిక చూస్తే కనపడదు, రెండు అంకెలూ నమ్మదగ్గట్టే ఉంటాయి.

అందుకే ప్రతి ఇంటికీ దాని నిష్పత్తి అదే ఇంట్లో తీయాలి. నిన్నటి కుండ ఎటూ లేదు, కానీ అదే తపేలా, అదే గ్లాసు, అదే చెయ్యి ఇవాళ కూడా ఉన్నాయి. క్యారేజీ కట్టే ఇళ్ళలో ఏడున్నరకల్లా అన్నం వార్చేస్తారు, అంతకు ముందే వెళ్ళండి. ఖాళీ తపేలా ముందే తూచి బరువు పుస్తకంలో రాసుకోండి, తర్వాత ఖాళీది దొరకదు. ఈమె "నాలుగు గ్లాసులు వేస్తా" అంది. నా పుస్తకంలో గ్లాసు అంటే కుక్కర్‌తో వచ్చే చిన్న గ్లాసు, 150 గ్రాములు. ఆమె గ్లాసు స్టీలు గ్లాసు, తలకొట్టి కూడా కాదు, రాశిగా పోస్తుంది. నాలుగూ విడివిడిగా తూస్తే సగటు 190, మొత్తం 760 గ్రాములు. గంజి వార్చి, పొయ్యి మీద ఒక్క నిమిషం ఇగరనిచ్చాక అన్నం 2,090 గ్రాములు. 2,090ని 760తో భాగిస్తే 2.75. ఆ ఇంటి అంకె అది. రాత్రి కుండ కూడా అదే తపేలాలో అదే తీరున వారుస్తారు కాబట్టి దానికీ అదే వాడాను. 824ను 2.75తో భాగిస్తే 300 గ్రాముల బియ్యం, 1,068 కేలరీలు. ఎఫ్‌ఎఫ్‌క్యూ 600ను అదే అంకెతో భాగించినా 218 గ్రాములే. ఒక్క అన్నంలోనే రోజుకు 82 గ్రాముల బియ్యం, దాదాపు 290 కేలరీలు మాయం.

పప్పుకీ పులుసుకీ ఇదే సూత్రం, కాకపోతే వాటికి బరువు కంటే కొలత గిన్నెలు సుఖం. ఎన్‌ఐఎన్ సర్వేల్లో ప్రామాణిక గిన్నెల సెట్టు వాడేది అందుకే. కుండలో ఎంత పప్పు పడింది, ఉడికాక మొత్తం ఎన్ని మిల్లీలీటర్లయింది, ఈమె ఎంత పోసుకుంది. ఆ రోజు 150 గ్రాముల కందిపప్పు, మొత్తం 1,200 మిల్లీలీటర్లు, ఆమె వాటా 200, కాబట్టి 25 గ్రాముల కందిపప్పు. అంతే. కనిగిరి, పొదిలి వైపు సంగటి తినే ఇళ్ళకు వెళ్తే బియ్యం, రాగిపిండి రెండూ వేర్వేరుగా తూచి, మొత్తం సంగటి బరువులో ఒక ముద్ద ఎంతో తూచుకుంటే సరిపోతుంది.

రీకాల్ సరిగ్గా వచ్చిందో లేదో ఎట్టా తెలుస్తుంది అంటారా. దీనికి నేను రెండు పరీక్షలు పెట్టుకున్నా. మొదటిది, పళ్ళేలన్నీ కూడితే కుండ రావాలి. నిన్న మధ్యాహ్నం కుండకు ఇంట్లో అందరి లెక్కా అడిగాను: భర్త క్యారేజీకి 620, ఈమెకు 380, అత్తకు 300, కొడుక్కు 330, చిన్నపిల్లకు అమ్మ పెట్టిన 60, నాయనమ్మ పెట్టిన 80. మొత్తం 1,770. నిన్నా నాలుగు గ్లాసులే వేసింది కాబట్టి కుండ 2,090 ఉండాలి. 320 గ్రాములు ఎటు పోయాయి? అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది, బడి నుంచి వచ్చి కొడుకు పచ్చడేసుకుని ఒక గిన్నెడు తిన్నాడు, మిగిలింది కుడితి తొట్టిలో పోసింది. ఇట్టా లోటు వచ్చినప్పుడు దాన్ని అందరికీ పంచేయడం, లేదా లెక్క కుదరాలని ఎవరి పళ్ళెంలోనో కలిపేయడం చేయకండి. అడగండి. కుక్క, కోళ్ళు, కుడితి, పక్కింటి ముసలమ్మ, వీటిలో ఒకటి బయటికొస్తుంది.

రెండోది బియ్యం బస్తా. "25 కిలోల బస్తా ఎన్నాళ్ళొస్తుంది?" ఈ ప్రశ్నకు ఆడవాళ్ళు చెప్పే జవాబు చాలా నిక్కచ్చిగా ఉంటుంది, డబ్బుతో పని కాబట్టి. ఈ ఇంట్లో పగలు 760, రాత్రి రెండున్నర గ్లాసులు 475, రోజుకు 1,235 గ్రాములు. 25 కిలోలు ఇరవై రోజులు రావాలి. ఆమె "ఇరవై రోజులకు కాస్త అటూ ఇటూ, చుట్టాలొస్తే ఇంకా ముందే" అంది. సరిపోయింది. ఒకవేళ ఆమె నెల వస్తుందని ఉంటే నా గ్లాసు తూకంలోనో, గ్లాసుల సంఖ్యలోనో తేడా ఉన్నట్టు. ఎఫ్‌ఎఫ్‌క్యూకు ఇట్టాంటి పరీక్ష పెట్టలేం, అది ఒక మనిషి జ్ఞాపకంలోంచి వచ్చిన అంకె, దాని వెనక కుండ లేదు.

బస్తా గురించి అడిగేటప్పుడే స్టోర్ బియ్యం, అంటే రేషను బియ్యం గురించి కూడా అడగండి. మన వైపు చాలా ఇళ్ళలో స్టోర్ బియ్యం అన్నానికి కాదు, దోసెలకూ ఇడ్లీలకూ నానబోస్తారు. ఆమెకు అది అన్నం కాదు కాబట్టి "బియ్యం ఎంత" అంటే చెప్పదు. మీరు శక్తి లెక్కే వేస్తున్నా అది కావాలి, ఇనుము లెక్క వేస్తుంటే మరీ కావాలి. స్టోర్లో ఇచ్చింది ఇనుము కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యమైతే, ప్రమాణాల ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. 2017 పట్టికలోని మామూలు బియ్యంలో కిలోకు అటూ ఇటూగా ఆరేడు మిల్లీగ్రాములే. రోజుకు 300 గ్రాములు అట్టాంటి స్టోర్ బియ్యమే తినే మనిషికి మీరు పాత విలువ వేస్తే 8 నుంచి 13 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 2 రాస్తారు. ఏ బస్తాలోది వండారో రాసుకోకపోతే ఇది తర్వాత సరిచేసుకోలేరు.

ఇంతసేపూ రీకాల్‌ను పొగిడాను కదా, ఇప్పుడు దాని జబ్బు. అది ఒక్క రోజును చూస్తుంది. ఇదే ఆమె దగ్గరకు పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ముందు రోజు కార్తీక సోమవారం. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఏమీ లేదు, చుక్కను చూశాక రాత్రి ఒక్కపూట భోజనం, అంతా కలిపి 150 గ్రాముల బియ్యం, పులుసు లేదు, చేప మాటే లేదు. మొదటి రోజు చూస్తే ఆమె 300, రెండో రోజు చూస్తే 150. ఒక్క రోజు రీకాల్ చేసి "ఈ ఊళ్ళో ఇంత శాతం మంది తక్కువ తింటున్నారు" అని రాస్తే ఆ శాతంలో కొంత మనుషుల మధ్య తేడా కాదు, రోజుల మధ్య తేడా. ఊరి సగటు ఒక్క రోజు రీకాల్‌తో కూడా బాగానే వస్తుంది, ఎందుకంటే ఎక్కువ తిన్న రోజులూ తక్కువ తిన్న రోజులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. చెడేది అటూ ఇటూ చివర్లు. మీరు సగటు మాత్రమే రాస్తే ఒక్క రోజు చాలు, ఎంతమంది తక్కువ తింటున్నారని రాయాలంటే రెండో రోజు తప్పదు.

రెండో రోజు ఉంటే ఆ సాగిన చివర్లను సగటు వైపు వెనక్కి లాగొచ్చు. లెక్క ఇది:

```
usual = M + (x − M) × sqrt( Vb / (Vb + Vw/n) )
```

usual అంటే ఒకామె మామూలుగా తినేది, M మీ 120 మంది సగటు, x ఒకామె రెండు రోజుల సగటు, n రోజుల సంఖ్య, Vb మనిషికీ మనిషికీ మధ్య తేడా, Vw ఒకే మనిషికి రోజుకూ రోజుకూ మధ్య తేడా. ఈ రెండు వేరియన్సులూ మీ డేటాలోంచే అనోవా చేస్తే వస్తాయి. లెక్క కోసం రెండూ 2,500 అనుకుందాం. సగటు 280 గ్రాములు, ఒకామె రెండు రోజుల సగటు 360. వర్గమూలం లోపల 2,500ను 3,750తో భాగిస్తే 0.667, దాని మూలం 0.816. ఎనభై గ్రాముల తేడాలో 65 నిలబడుతుంది, ఆమె మామూలు తిండి 345 అని రాస్తారు. అన్నం రోజూ తినేదే కాబట్టి ఈ చిన్న లెక్క దానికి సరిపోతుంది, డేటా మరీ ఒకవైపు సాగి ఉంటే ముందు లాగ్ తీసుకోండి. పండగ, ఉపవాసం, పెళ్ళిభోజనం రోజులను తీసేయకండి, పక్కన గుర్తు పెట్టుకోండి, అవీ ఆ మనిషి తిండే. కాకపోతే మీ ఫీల్డ్ వర్క్ మొత్తం కార్తీక మాసంలోనే పడేట్టుంటే మాత్రం తేదీలు మార్చుకోండి, చేపల లెక్క పూర్తిగా పోతుంది.

చేపలకు ఈ లెక్క కుదరదు. వారానికి ఒకటి రెండుసార్లు తినేదానికి రెండు రోజుల రీకాల్ చాలా మందికి రెండు సున్నాలు చూపిస్తుంది, ఆ సున్నా తినరని కాదు, ఆ రెండు రోజులూ తినలేదని. చిన్న చీటీ అక్కడే పనికొస్తుంది. సముద్రపు చేపలు, చెరువు చేపలు, ఎండుచేపలు, రొయ్యలు, కోడి, మాంసం, గుడ్లు, ఆకుకూరలు, పాలూ పెరుగూ, రాగీ సజ్జా, పండ్లు, బజ్జీల్లాంటి నూనె సరుకు. గత నెలలో ఎన్నిసార్లు అని మాత్రం అడగండి, ఎంత అని అడగొద్దు. ఎంత అన్నది రీకాల్‌లో తిన్నవాళ్ళ నుంచి వస్తుంది, ఎన్నిసార్లు అన్నది చీటీ నుంచి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వాళ్ళ పద్ధతిలో ఈ రెంటినీ ఒకే మోడల్లో కలుపుతారు. 120 మందికి అంత మోడల్ నిలబడకపోవచ్చు, మీరు చేపలను "నెలకు ఇన్నిసార్లు" అని విడిగా పట్టికలో పెట్టినా ఎవరూ తప్పు పట్టరు.

మీ గైడ్ గారు పెద్ద ఎఫ్‌ఎఫ్‌క్యూ గట్టిగా పట్టుకుంటే ఈ ఒక్కటి చూపించండి. ఇదే ఇంట్లో 28 కూరగాయల జాబితా చదివాం. వంకాయ వారానికి రెండుసార్లు, బెండకాయ ఒకసారి, దోసకాయ రెండు, గోంగూర ఒకటి, ములక్కాయ ఒకటి, ఇట్టా ఆమె మర్యాదగా అన్నింటికీ ఒక అంకె చెప్పింది. కూడితే వారానికి 31. ఆ ఇంట్లో రోజుకు ఒక పప్పు లేదా పులుసు, ఒక కూర, అంతకు మించి వండరు, వారానికి 14 వంటకాలు. పైగా వాటిలో చేపల పులుసు రోజులు పోవాలి. జాబితా పొడుగయ్యే కొద్దీ కూరగాయలు పెరుగుతాయి, అన్నం మాత్రం ఒకే గడిలో ఇరుక్కుని తగ్గుతుంది. రెండు తప్పులూ ఎదురెదురుగా పోతాయి కాబట్టి మొత్తం కేలరీలు చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనపడొచ్చు, అదే అసలు ప్రమాదం. జాబితా అడగక తప్పకపోతే, మొత్తంగా వారానికి ఎన్ని కూరగాయ వంటకాలు అని ఒక ప్రశ్న విడిగా అడిగి, జాబితా మొత్తాన్ని ఆ అంకెకు కుదించండి. ఇక్కడ చేపల రోజులు తీయకముందే 14ను 31తో భాగిస్తే 0.45, అవి తీస్తే ఇంకా తగ్గుతుంది, ప్రతి కూరగాయనూ ఆ వచ్చిన అంకెతో గుణించాలి.

ఎఫ్‌ఎఫ్‌క్యూ పనికిరానిదని మాత్రం నేను అనను. వేలమందిని ఏళ్ళ తరబడి వెంటాడి, ఎక్కువ తినేవాళ్ళకూ తక్కువ తినేవాళ్ళకూ షుగరు రావడంలో తేడా ఉందా అని చూసే అధ్యయనాలకు అది కావాలి, వాళ్ళకు గ్రాములు ముఖ్యం కాదు, వరుస ముఖ్యం. చెన్నైలో క్యూర్స్ అనే షుగరు జబ్బు అధ్యయనానికి తయారుచేసిన దాంట్లో 222 పదార్థాలున్నాయి, మనిషి కూర్చుని అడిగేది. కానీ అది చెన్నై నగరం కోసం కట్టింది, దాన్ని తెచ్చి విడవలూరులో అడిగితే సగం ప్రశ్నలకు ఆమె మీ మొహం చూస్తుంది. పైగా అట్టాంటి ప్రశ్నావళి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి చివరికి పక్కన పెట్టి పోల్చేది రీకాల్‌నే.

నూనె ఒక్కదానికి నేను రెండూ పక్కన పెట్టేస్తా. తాలింపులో ఎంత పోసిందో ఆమెకే తెలియదు, డబ్బా ఒంచుతుంది. నెలకు ఎన్ని ప్యాకెట్లు అని అడగండి. నాలుగు లీటర్లు, అయిదుగురు, ముప్పై రోజులు, మనిషికి రోజుకు 27 మిల్లీలీటర్లు, పిల్లలకు తగ్గించి పంచుకోండి. వేసవిలో ఆవకాయకని విడిగా కొన్న నూనె ఈ నాలుగులో ఉండదు, దాన్ని పన్నెండు నెలలకు పంచి కలపాలి. ఉప్పు జోలికి ఈ రెండు పద్ధతుల్లో దేంతోనూ పోకండి, దానికి 24 గంటల మూత్ర పరీక్షే దారి, మీ థీసిస్‌కు అది అక్కర్లేదు.

ఇక రోజుల సంగతి. మీ కాలేజీ టైమ్‌టేబుల్ చూసుకుని మంగళవారం నుంచి శనివారం దాకా ఊళ్ళకు పోతారనుకోండి, మీకు దొరికేవి సోమవారం నుంచి శుక్రవారం దాకా భోజనాలు. ఆదివారం కోడికూర మీ థీసిస్‌లో ఎక్కడా ఉండదు. శనివారం చేపా మాంసం ముట్టని ఇళ్ళూ తెలియవు. 120 మందిని మొదటి రీకాల్‌లో వారం ఏడు రోజులకూ తలా పదిహేడు మంది చొప్పున ముందే చీటీలేసి పంచుకోండి, రెండోసారి కనీసం వారం ఎడంగా, వేరే రోజున వచ్చేట్టు చూసుకోండి. ముందుగా చెప్పి వెళ్ళొద్దు, చెప్తే ఆ రోజు మీ కోసం కూర ఎక్కువ వండుతారు. ఇద్దరు కలిసి వెళ్తే రోజుకు నాలుగు ఇళ్ళు, అంతకు మించి పెట్టుకోకండి, ఏడున్నరకు కుండ తూచాల్సింది ప్రతి ఇంట్లోనూ ఒక్కసారే కాబట్టి రెండోసారి వెళ్ళినప్పుడు పని సగమే. 5 కిలోల వరకు తూచే, ఒక గ్రాము చూపించే వంటింటి తూకం కొనుక్కోండి, వేడి తపేలా కింద పెట్టడానికి చెక్క పలక ఒకటి పట్టుకెళ్ళండి, నా మొదటి తూకం ప్లాస్టిక్ పళ్ళెం ఆ వేడికే వంకర పోయింది. రెండో బ్యాటరీ కూడా.